గుండ్రటి అక్షరంలో మందం ఎక్కడ పడాలి: బ్రష్ పెన్‌తో "గరం గరం"

(హనుమకొండలో ఒక ఆదివారం సాయంత్రం, బ్రష్ పెన్ కొత్తగా పట్టుకున్నవాళ్ల ముందు చేసిన ప్రసంగం ఇది. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం. కాగితం మీద రాసి చూపించిన చోట్ల మాత్రం చదివేవాళ్లకు అర్థమయ్యేలా కొంచెం సరిచేశాం.)

అందరికీ నమస్తే. పెన్ను మూతలు ఇప్పుడే తీయకండి, ముందు పెన్సిల్, స్కేలు బయట పెట్టండి. ఈ రోజు మనం రాయబోయేది ఒక్కటే మాట, రెండుసార్లు: గరం గరం. చాయ్ బండి మీద, మిర్చి బండి మీద రోజూ చూసే మాటే. దాన్నే ఎందుకు పట్టుకున్నానంటే, అందులో గ ఉంది, ర ఉంది, సున్న ఉంది, తలకట్టు ఉంది, అంతే. ఈ నాలుగూ మీ చేతికి వస్తే మిగతా వర్ణమాలలో సగం కష్టం తీరినట్టే, ఎందుకో వెళ్తూ వెళ్తూ చెప్తాను.

మీలో చాలామంది ఫోన్‌లో వీడియోలు చూసి వచ్చారని తెలుసు. వాటిలో మొదట చెప్పేది ఒకటే: పెన్ను కిందికి దిగేటప్పుడు నొక్కు, మందం వస్తుంది, పైకి ఎక్కేటప్పుడు వదులు, సన్నం వస్తుంది. అది నిజమే, తెలుగుకూ అదే పని చేస్తుంది. కానీ ఆ వీడియోలు చూసి ఇంగ్లిష్ అక్షరాలు నెల రోజులు సాధన చేసి, తర్వాత తెలుగు మొదలుపెడితే అక్షరం ముద్దగా వస్తోందని చాలామంది నా దగ్గరికి వస్తారు. తప్పు వాళ్లది కాదు. ఇంగ్లిష్‌లో మందం ఎక్కువగా నిలువు గీత మీద పడుతుంది. చిన్న ఎల్, టి, డి చూడండి, నిలువుగా దిగే ఒక గీత ఉంటుంది, పైన నొక్కి కింద వదిలితే సరిపోతుంది. మనకు అలా తిన్నగా దిగే గీత దాదాపు లేదు. మన మందం అంతా వంపు మీదే పడాలి. అంటే చేయి తిరుగుతూ ఉండగానే నొక్కడం మొదలవ్వాలి, తిరుగుతూ ఉండగానే వదలడం అయిపోవాలి. తెలుగుకు బ్రష్ పెన్ నేర్చుకోవడమంటే ఇది నేర్చుకోవడమే.

ఇంకో మాట. తాటాకు మీద గంటంతో రాసినప్పుడు మన అక్షరానికి మందం, సన్నం అనే తేడానే లేదు. గంటం ములుకు గీత అంతటా ఒకేలా ఉంటుంది. ఆ తర్వాత మన ఊళ్లలో దుకాణాల బోర్డులు రాసిన ఆర్టిస్టులు చదును బ్రష్ వాడారు. అందులో మందం వస్తుంది గానీ అది నొక్కడం వల్ల కాదు, బ్రష్ ఏ వాలులో పట్టారన్న దాన్ని బట్టి వస్తుంది. బ్రష్ పెన్‌లో ఆ వాలు లెక్క లేదు, పూర్తిగా ఒత్తిడే. అందుకే బోర్డులు రాసే నాన్నో బాబాయో ఇంట్లో ఉన్నవాళ్లు కూడా ఇది కొత్తగానే నేర్చుకోవాలి, ఆ చేతి అలవాటు ఇక్కడ కొంత అడ్డం కూడా వస్తుంది.

సరే, పెన్ను. బయట దొరికేవి చాలా ఉన్నాయి. మొదలుపెట్టేవాళ్లకు చిన్న మొన ఉన్నదే మంచిది, అందులోనూ గట్టి మొన. టాంబో ఫుడెనోసుకె అని ఒకటి ఉంది, హార్డ్, సాఫ్ట్ అని రెండు రకాలు, హార్డ్ తీసుకోండి. పెంటెల్ టచ్ కూడా బాగుంటుంది, అది కొంచెం మెత్తన. రంగుల సెట్లుగా వచ్చే పెద్ద మొన పెన్నులు, అసలు వెంట్రుకలతో ఉండే బ్రష్ పెన్నులు ఇప్పుడే వద్దు. చూడ్డానికి బాగుంటాయి కానీ ఎంత నొక్కితే ఎంత మందం వస్తోందో చేతికి తెలియకముందే గీత జారిపోతుంది. గట్టి మొన ఎదురొత్తుతుంది, ఆ ఎదురొత్తడమే మీకు పాఠం చెప్తుంది.

కాగితం విషయంలో మాత్రం పొదుపు చూడకండి. జిరాక్స్ షాపులో వాడే మామూలు 75 జీఎస్ఎం కాగితానికి సన్నటి పీచు ఉంటుంది, కంటికి కనిపించదు, కానీ ఫెల్ట్ మొనను అది రోజూ కొంచెం కొంచెం గీరేస్తుంది. వారం తిరిగేలోపు మొన చీలినట్టయి సన్న గీత సన్నగా రావడం మానేస్తుంది, మనమేమో చేయి పాడైందనుకుంటాం. నున్నటి 100 జీఎస్ఎం కాగితం తీసుకోండి. లేదంటే ట్రేసింగ్ పేపర్ కొని, గీతలు గీసిన ఒక్క కాగితాన్ని దాని కింద పెట్టుకోండి. అలా చేస్తే ఎన్ని పేజీలు రాసినా గీతలు మళ్లీ గీయక్కర్లేదు.

ఇప్పుడు ఆ గీతలు గీద్దాం. ఇంగ్లిష్ కాపీ పుస్తకంలోని నాలుగు గీతలు మనకు సరిపోవు. అడ్డంగా ఒక గీత గీయండి, అది అక్షరం కూర్చునే గీత. దానికి 15 మిల్లీమీటర్ల పైన ఇంకోటి, ఈ రెండింటి మధ్య అక్షరం ఒళ్లు. దాని పైన 8 మిల్లీమీటర్లు వదిలి మరోటి, ఆ జాగా తలకట్టుకు, గుడికి. కూర్చునే గీతకు కింద 15 మిల్లీమీటర్లు వదలండి, అది ఒత్తులకు. ఈ రోజు ఒత్తులు రాయం, అయినా వదలండి, లేకపోతే రేపు "క్క" రాసినప్పుడు కింది వరుస తలకట్టు మీద పడుతుంది.

15 మిల్లీమీటర్లే ఎందుకని అడుగుతారు. చిన్న మొన పెన్నును బాగా నొక్కితే సుమారు రెండు మిల్లీమీటర్ల మందం వస్తుంది. మన అక్షరాలన్నీ లోపల ఖాళీ ఉన్నవే. ఆ ఖాళీ తెల్లగా కనపడితేనే అక్షరం. ఎనిమిది మిల్లీమీటర్ల ర రాసి రెండు మిల్లీమీటర్ల మందం వేస్తే లోపల తెలుపు చిక్కిపోతుంది, రెండడుగుల దూరం నుంచి అది ర కాదు, చుక్క. ర లోపల చుక్క పెడితే ఠ అవుతుంది కదా, అంత చిన్న తేడాల మీద నిలబడ్డ లిపి మనది. అందుకే మొదట్లో పెద్దగానే రాయండి, అక్షరం ఎత్తు మీ మందం గీతకు ఏడింతలకు తగ్గకుండా చూసుకోండి.

ఇప్పుడు మూత తీయండి.

పెన్నును కాగితానికి ఏటవాలుగా పట్టాలి, సుమారు 45 డిగ్రీలు. బాల్ పెన్ను పట్టినట్టు నిలబెట్టి పడితే నొక్కినప్పుడు బరువు మొత్తం ముందు కొన మీద పడుతుంది, కొన లోపలికి ముడుచుకుపోతుంది, గీత మాత్రం మందం కాదు. వాల్చి పడితే మొన పక్క భాగం కాగితానికి ఆనుతుంది, మందం వచ్చేది ఆ పక్క భాగం నుంచే. ఇంకా ఒకటి, వేళ్లతో రాయకండి. చిటికెన వేలు కాగితం మీద ఆనించి, మణికట్టు ఎత్తకుండా, ముంజేయి మొత్తం కదలాలి. వేళ్లు ముడిచి తెరిచి రాస్తే 15 మిల్లీమీటర్ల వంపు మధ్యలో తప్పకుండా ఒక కోణం వస్తుంది.

మొదట రెండే గీతలు వేద్దాం. కింది గీత నుంచి పైకి, కొంచెం కుడివైపు వాలుగా, కొన తగిలీ తగలనట్టు. అది సన్నం. తర్వాత పై నుంచి కిందికి, పూర్తిగా నొక్కి. అది మందం. ఈ రెండూ ఒక వరుసంతా వేయండి, మెల్లగా, ఒక్కో గీతకు మనసులో ఒకటి, రెండు అనుకునేంత సమయం ఇవ్వండి. సన్న గీత వణుకుతుంది. వణుకు పోవాలని వేగంగా గీసేస్తారు చాలామంది, వేగంలో వణుకు కనపడదు, నిజమే, కానీ ఆ వేగంతో వంపు తిప్పలేరు. కాబట్టి వణకనివ్వండి. భుజం వదులుగా పెట్టి ముంజేయి కదిలిస్తూ ఉంటే మెల్లమెల్లగా తగ్గుతుంది.

మందం గీత అంచులు చూడండి. ఒక అంచు నున్నగా, రెండో అంచు రంపంలా వస్తోందా? అయితే అదే గీత ట్రేసింగ్ పేపర్ మీద అదే పెన్నుతో వేయండి. అక్కడ రెండు అంచులూ నున్నగా వస్తే లోపం కాగితంది. అక్కడా రంపమే వస్తే మొన అరిగింది, లేదంటే సిరా అయిపోవస్తోంది. ఈ పరీక్ష చేయకుండా చేతిని తిట్టుకోవద్దు.

ఇక గ. ఇదే అసలు పాఠం, కాబట్టి దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఉందాం.

గ అంటే ఒక కమాను, దాని నెత్తిన తలకట్టు. కమానును ఎడమ కాలు అడుగు నుంచి మొదలుపెడతాం. పైకి వెళ్తున్నాం కాబట్టి సన్నం. పై గీత దగ్గర తిరుగుతాం, కుడి కాలుగా కిందికి దిగుతాం కాబట్టి మందం. పేపర్ మీద ఇంత తేలికగా ఉంటుంది. మరి నొక్కడం ఎక్కడ మొదలవ్వాలి? అందరూ శిఖరం దగ్గరే నొక్కేస్తారు. అలా చేస్తే కమాను నెత్తి మీద మందం ముద్ద పడుతుంది, అక్కడికే తలకట్టు కూడా వచ్చి ఆనాలి, రెండు మందాలు కలిసి ఒక నల్లటి ముడి అవుతుంది. మీరు రాసిన గ చూసి ఎక్కడో ఏదో బాగా లేదనిపిస్తే తొంభై శాతం అక్కడే చూడండి.

కాబట్టి శిఖరం పూర్తిగా సన్నంగానే దాటాలి. దాటి, చేయి కుడివైపు వంగి దిగడం మొదలైన తర్వాత, కొంచెం కొంచెంగా నొక్కుతూ రావాలి. మందం అక్షరం ఎత్తులో పై నుంచి మూడో వంతు దగ్గర పూర్తవ్వాలి. దాన్ని అలాగే కిందికి తెచ్చి కూర్చునే గీత దగ్గర ఆపాలి. ఆపేటప్పుడు ఒక క్షణం నిలిచి, అప్పుడు పెన్ను తిన్నగా పైకి లేపండి. పక్కకు లాగుతూ లేపితే తోక వస్తుంది, గకు తోక లేదు.

ఇదిగో ఈ వరుసలో నాలుగు కమానులు వేశాను, చూడండి. మొదటిదానికి శిఖరం మందం. రెండోదానికి మందం ఒక్కసారిగా వచ్చింది, సన్నం నుంచి మందానికి మధ్యలో మెట్టు కనపడుతోంది, అంటే చేయి ఆగి నొక్కింది. మూడోది బాగానే ఉంది కానీ కుడి కాలు లోపలికి వాలిపోయింది. నాలుగోదే మనకు కావాల్సింది: ఎడమ కాలు, కుడి కాలు రెండూ నిలువుగా ఉన్నాయి, ఎడమది సన్నం, కుడిది మందం, మధ్య మార్పు ఎక్కడ జరిగిందో వేలు పెట్టి చూపించలేం. వేలు పెట్టి చూపించలేకపోవాలి, అదే గుర్తు.

తలకట్టు లేకుండా కమాను ఒక్కటే పేజీ నిండా వేయండి. అది బాగా వచ్చాకే తలకట్టు.

తలకట్టును మనం బడిలో ఒక టిక్కులా కొట్టేసేవాళ్లం. బ్రష్ పెన్‌లో దానికి రెండు భాగాలు. ఎడమ నుంచి చిన్నగా కిందికి దిగే గీత, అది మందం, పొడవు నాలుగు మిల్లీమీటర్లు చాలు. అక్కడి నుంచి కుడివైపు పైకి లేచే పొడవు గీత, అది సన్నం, మొదటిదానికి రెండింతలు. కింద మలుపు దగ్గర పెన్ను ఎత్తవద్దు. ఒత్తిడి మాత్రం వదిలేయాలి, మొన తిరిగి నిటారుగా లేచే వరకు ఒక్క క్షణం ఆగాలి, అప్పుడు పైకి. ఆగకుండా లాగితే ఇంకా పరుచుకునే ఉన్న మొన సన్న గీత మొదట్లో మందాన్ని ఈడ్చుకుపోతుంది. మలుపు కమాను శిఖరాన్ని తాకాలి, లోపలికి దిగకూడదు.

ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలంటే, తెలుగు మాట అందంగా కనిపించడం, కనిపించకపోవడం సగం తలకట్ల మీదే ఉంటుంది. ఒళ్లు కొంచెం అటూ ఇటూ అయినా కన్ను క్షమిస్తుంది. ఒక తలకట్టు 40 డిగ్రీల్లో, పక్కది 60 డిగ్రీల్లో లేస్తే మాత్రం మాట మొత్తం చెదిరినట్టుంటుంది. అందుకని పెన్సిల్‌తో వాలు గీతలు కూడా గీసుకోండి, అన్ని తలకట్ల కుడి చేతులూ ఆ వాలులోనే వెళ్లాలి.

ఇప్పుడు ర. ఇది వలయం. గడియారంలో ఒంటిగంట దగ్గర మొదలుపెట్టి, పన్నెండు మీదుగా ఎడమవైపు తిరిగి కిందికి దిగండి. అంటే ముల్లు తిరిగే దిక్కుకు ఎదురు. పదకొండు దాటాక నొక్కడం మొదలు, తొమ్మిది దగ్గర పూర్తి మందం. ఇక వదలడం ఎప్పుడు? ఆరు దగ్గర అనుకుంటారు, అది ఆలస్యం. ఎనిమిది దాటగానే వదలడం మొదలుపెట్టాలి, ఆరుకు వచ్చేసరికి సన్నం అయిపోవాలి. ఆలస్యంగా వదిలితే వలయం అడుగున ఎడమ పక్క పొట్ట వేలాడినట్టు మందం పోగవుతుంది. ఆరు నుంచి మూడు మీదుగా ఒంటిగంట దాకా సన్నంగా ఎక్కి మొదలుపెట్టిన చోట కలిపేయండి.

ఒంటిగంట దగ్గరే ఎందుకంటే, మొదలూ చివరా రెండూ సన్నంగా ఉన్న చోట కలిస్తే అతుకు కనపడదు. తొమ్మిది వైపు మొదలుపెడితే మందంలో అతుకు వేయాల్సి వస్తుంది, ఎంత జాగ్రత్తగా వేసినా అక్కడ ముద్ద కడుతుంది. ర మీద తలకట్టు వస్తుంది కాబట్టి చిన్న అతుకు దాని కింద దాక్కుంటుంది. సున్నకు ఆ చాటు లేదు. అందుకే మీ వలయం నిజంగా ఎలా ఉందో చూడాలంటే సున్న చూడండి, ర కాదు. సున్నను రకంటే కొంచెం చిన్నగా, కూర్చునే గీత మీదే కూర్చోబెట్టండి.

ఇక మాట కడదాం. గ, ర, సున్న మూడూ విడిగా బాగా వచ్చినా పక్కపక్కన పెడితే ఒక తమాషా జరుగుతుంది, ఇది ఇంగ్లిష్ వీడియోలు ఏవీ మీకు చెప్పవు. గలో మందం కుడి కాలులో ఉంది. రలో మందం ఎడమ పక్క ఉంది. "గర" అని రాస్తే ఆ రెండు మందాలూ ఎదురెదురుగా వస్తాయి. స్కేలుతో కొలిచి మూడు మిల్లీమీటర్ల ఎడం పెట్టినా కంటికి అవి అతుక్కున్నట్టే ఉంటాయి, మధ్యలో నల్లటి పట్టీ ఒకటి నిలబడుతుంది. ఇప్పుడు తిరగేసి "రగ" రాయండి. ర కుడి పక్క సన్నం, గ ఎడమ కాలు సన్నం. అదే మూడు మిల్లీమీటర్లు ఇక్కడ ఖాళీగా, మాట విరిగినట్టు కనిపిస్తుంది. కాబట్టి ఎడం స్కేలుతో కొలవకూడదు. మందానికి మందం ఎదురైతే ఎడం పెంచాలి, సన్నానికి సన్నం ఎదురైతే తగ్గించాలి.

మన మాటలో చూడండి. గకు, రకు మధ్య మందం-మందం, ఐదు మిల్లీమీటర్లు వదిలాను. రకు, సున్నకు మధ్య సన్నం-మందం, మూడున్నర సరిపోయింది. రెండో "గరం" మొదలయ్యే ముందు మాటల మధ్య ఎడం కావాలి. అక్కడ సున్న కుడి పక్క సన్నం, గ ఎడమ కాలు సన్నం, కాబట్టి ఉన్నదానికంటే ఎక్కువ ఖాళీగా కనిపిస్తుంది, ఒక గ పట్టేంత కాకుండా దానికి కొంచెం తక్కువే వదిలాను. ఇంకొకటి గమనించండి, గ తలకట్టు కుడి చేయి పైకి లేచి ర వైపు పోతుంది. దాన్ని గ కుడి కాలు గీత దాటనివ్వకండి, దాటితే ర తలకట్టు మొదలుకు తగులుతుంది, పైన మళ్లీ ముడి.

మాట అయిపోయాక కాగితాన్ని తలకిందులుగా తిప్పి చూడండి. చదవడం ఆగిపోతుంది, అప్పుడు నలుపు ఎక్కడ గుమిగూడిందో, తెలుపు ఎక్కడ గండి కొట్టిందో తెలిసిపోతుంది.

ఆ, అడుగు చెల్లె, ఏంటి? ... ర ముల్లు తిరిగే దిక్కులో రాస్తే కుడి పక్కనే మందం వస్తుంది కదా, అప్పుడు గకు, రకు గొడవే ఉండదు కదా అంటోంది. చాలా మంచి ప్రశ్న. నిజమే. ఏడు దగ్గర మొదలుపెట్టి ఎడమ పక్క సన్నంగా ఎక్కి, పైన తిరిగి, కుడి పక్క మందంగా దిగి, కింద సన్నం చేసి కలిపేస్తే అది గ కమానునే పొడిగించి మూసినట్టుంటుంది. "గరం" అంతటా మందం కుడి పక్కే పడుతుంది, నడక చాలా సమంగా వస్తుంది. ఈ ఒక్క మాటే రాయాలంటే నేను కూడా అలాగే రాస్తాను. కానీ మీరు సాధనకు ఎడమ మందాన్నే పట్టుకోండి అంటాను, ఎందుకంటే ల తీసుకో. అందులో చేయి ఎడమ పక్క దిగి, కింద తిరిగి, కుడి పక్క ఎక్కి పైన కొక్కెం తిరుగుతుంది. దాన్ని తిరగేసి రాయలేం. ల పక్కన కుడి మందం ర పెట్టి చూడు, రెండూ వేరే వేరే చేతులు రాసినట్టుంటాయి. ఏ పద్ధతైనా సరే, ఒక మాటలోని వలయాలన్నీ మాత్రం ఒకే దిక్కులో తిరగాలి. ర ఎడమకు, సున్న కుడికి తిప్పితే అది మాత్రం తప్పే.

ఈ మూడు రూపాల తర్వాత ఏది రాయాలో కూడా చెప్పేస్తాను, వర్ణమాల వరుసలో అ, ఆ నుంచి మొదలుపెట్టకండి. అ, ఇ, ఈ లాంటి అచ్చుల్లో మలుపులు ఎక్కువ, మొదటి వారమే విసుగొస్తుంది. ముందు ర నుంచి ఠకు వెళ్లండి, లోపల చుక్క పెట్టాక కూడా చుట్టూ తెలుపు మిగులుతోందా చూసుకోండి. తర్వాత తలకట్టు లేనివి: ల, బ, జ, ట. వీటిలో ఒత్తిడి వదలడం మీదే మొత్తం పని. చేయి అలవాటుకొద్దీ బ మీద కూడా తలకట్టు కొట్టేయబోతుంది, చూసుకోండి.

ఆ తర్వాత ప, స, హ, ష. వీటికి తలకట్టు ఒంటికి అతుక్కోదు, విడిగా నిలబడుతుంది. ఆ సందు మీ మందం గీతంత వెడల్పయినా ఉండాలి. పలో ఆ సందు పూడిపోతే చదివేవాళ్లు దాన్ని వ అనుకుంటారు. పాలు అని రాస్తే వాలు అని చదువుతారు. మామూలు పెన్నుతో రాసినప్పుడు ఈ ప్రమాదం తక్కువ, బ్రష్ పెన్ సిరా మందంగా పరుచుకుంటుంది కాబట్టి ఇక్కడ ఎక్కువ. అలాగే వకు కొమ్ము ఇచ్చేటప్పుడు, దాన్ని మిగతా అక్షరాల్లాగా కుడి పక్కన తిప్పితే అది మ అయిపోతుంది. అందుకే వు, పు రెండింటికీ కొమ్మును కిందికి దించి రాస్తాం. ఆ కొమ్ము సన్నంగా మొదలై కింద మలుపులో మాత్రమే కొంచెం మందం అయితే చాలు.

గుణింతాలకు వచ్చేసరికి ఇంకో సంగతి. గి, గీ, గె, గే, గొ, గో, గా ఇవన్నీ రాసేటప్పుడు తలకట్టు పోతుంది, దాని చోట్లోకే గుడో, ఎత్వమో, దీర్ఘమో వస్తుంది. గు, గూ, గృ లలో మాత్రం తలకట్టు ఉంటుంది. కాబట్టి కమాను శిఖరం సన్నంగా ఉంచడం అలవాటైనవాళ్లకు గుణింతం కష్టం కాదు, ఏది వచ్చి ఆనినా అక్కడ ముడి పడదు.

వెనకాల తమ్ముడు చాలాసేపటి నుంచి చేయి ఎత్తి ఉన్నాడు, చెప్పు. ... ఎడమ చేతి వాటం. నీకు రెండు ఇబ్బందులు. ఒకటి, రాసిన అక్షరం మీదే చేయి జరుగుతుంది, సిరా నీళ్లది కాబట్టి అలుకుతుంది. చేయి కింద ఒక చిన్న నున్నటి కాగితం ముక్క పెట్టుకో, దాన్ని ఈడ్చకుండా ప్రతి అక్షరం తర్వాత ఎత్తి పెట్టు. రెండోది అసలుది: నువ్వు చేయి వరుసకు పైన వంచి పట్టి రాస్తావా, కింద పట్టి రాస్తావా? ... పైన వంచి పడతావు. అయితే దిగే గీతలో నీ మొన లాగబడదు, ఎదురు తోయబడుతుంది, అప్పుడే కొన చీలుతుంది. చేతిని వరుస కిందికి తెచ్చుకో, కాగితాన్ని కుడివైపు బాగా తిప్పుకో, దాదాపు అడ్డంగా వచ్చేదాకా. అప్పుడు దిగే గీత నీ వైపుకు లాగినట్టు వస్తుంది. మొదటి వారం అక్షరం ఎటు పోతోందో అర్థం కాదు, కమాను ఒక్కటే వేస్తూ ఉండు, కన్ను ఆ వాలుకు అలవాటు పడేదాకా తలకట్టు జోలికి పోవద్దు.

ఇంకెవరైనా? ... పెన్ను ఎలా పెట్టాలి అని. మూత గట్టిగా, చప్పుడు వచ్చేదాకా పెట్టి, పడుకోబెట్టి ఉంచండి. మొన పైకి పెట్టి గ్లాసులో నిలబెడితే సిరా వెనక్కి దిగిపోయి పొద్దున మొదటి వరుస అంతా ఎండు గీతలొస్తాయి. మన దగ్గర ఎండాకాలం సంగతి తెలుసు కదా, ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాన్ కింద కూర్చుని రాసేటప్పుడు ఒక వరుసకు, ఇంకో వరుసకు మధ్య ఆలోచించే ఆ కాసేపు కూడా మూత పెట్టేయండి. చిన్న మొనకు సిరా తక్కువ, తెరిచి ఉంచితే తొందరగా ఆరుతుంది.

ఇప్పుడు అందరూ గీతలు గీసిన కాగితం ముందు పెట్టుకోండి. తలకట్టు లేకుండా కమాను మాత్రమే, ఒక వరుస. నేను తిరుగుతూ వస్తాను. నేను శిఖరం దగ్గర వేలు పెట్టినవాళ్లు మళ్లీ ఇంకో వరుస వేయండి, మిగతావాళ్లు సున్నకు వెళ్లండి.